ఒక మాత్రిక, అనేక కుడివైపులు: ఎల్‌యూ విభజనను దాచుకొని వాడుకోవడం

1979లో అమెరికాలోని సియామ్ సంస్థ 'లిన్‌ప్యాక్ యూజర్స్ గైడ్' అనే పుస్తకాన్ని ప్రచురించింది. జాక్ డొంగారా, జేమ్స్ బంచ్, క్లీవ్ మోలర్, జి. డబ్ల్యూ. స్టీవర్ట్ దాని రచయితలు. షికాగో సమీపంలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల కేంద్రంగా, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సహాయంతో సాగిన ఒక ప్రాజెక్టు ఫలితం అది. ఏకఘాత సమీకరణాల వ్యవస్థలను సాధించే ఫోర్ట్రాన్ సబ్‌రొటీన్లు అందులో ఉన్నాయి. ప్రత్యేక లక్షణాలేవీ లేని ఒక చతురస్ర మాత్రిక A, కుడివైపున ఒక సదిశ b చేతిలో ఉన్న వాడుకరి, Ax = b ను సాధించే సబ్‌రొటీన్ కోసం ఆ పుస్తకం తిరగేస్తే, అతనికి ఒకటి కాదు, రెండు కనబడతాయి. మొదటిది `DGEFA`, రెండవది `DGESL`. మొదటిదాన్ని పిలిస్తే x రాదు. మొదటిదాన్ని పిలవకుండా రెండవదాన్ని పిలిస్తే వచ్చేదానికి అర్థం ఉండదు.

పేర్లలోని అక్షరాలకు నియమం ఉంది. D అంటే డబుల్ ప్రిసిషన్, GE అంటే సాధారణ మాత్రిక, FA అంటే కారణాంకాలుగా విడగొట్టడం, SL అంటే సాధించడం. `DGEFA` కు b సంగతి తెలియదు; అది A ను మాత్రమే తీసుకొని, దాన్ని రెండు త్రిభుజ మాత్రికలుగా విడగొట్టి, A ఉన్న చోటనే వాటిని రాసి పెడుతుంది. `DGESL` కు అసలు A సంగతి తెలియదు. విడగొట్టిన రూపాన్నీ, ఒక b నీ తీసుకొని, b ఉన్న చోట x ను రాస్తుంది. ఒక్క పిలుపుతో తేలిపోయే పనిని రెండుగా చీల్చి వాడుకరి నెత్తిన వేయడం అసౌకర్యంగా కనిపించవచ్చు. కానీ ఈ రెండు పనుల ఖర్చులను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ చీలిక ఎందుకో తెలుస్తుంది.

n సమీకరణాలు, n అజ్ఞాతాలు ఉన్న వ్యవస్థలో మాత్రికను విడగొట్టడానికి సుమారు 2n³/3 అంకగణిత క్రియలు కావాలి. విడగొట్టిన తరువాత ఒక b కి జవాబు కనుక్కోవడానికి 2n² క్రియలు చాలు. ఆ గైడు అనుబంధంలో n = 100 ఉన్న వ్యవస్థను ఆనాటి వివిధ కంప్యూటర్లు ఎంతసేపట్లో సాధించాయో చూపే పట్టిక ఒకటి ఉంది. తరువాతి కాలంలో సూపర్ కంప్యూటర్లకు ర్యాంకులిచ్చే లిన్‌ప్యాక్ బెంచ్‌మార్కుకు బీజం అదే. కొలరాడో రాష్ట్రంలోని నేషనల్ సెంటర్ ఫర్ అట్మాస్ఫెరిక్ రిసర్చ్ వారి క్రే-1 యంత్రానికి ఆ పట్టికలో నమోదైన కాలం 0.049 సెకన్లు. n = 100 అయితే విడగొట్టడానికి 6,66,667 క్రియలు, సాధించడానికి 20,000, మొత్తం 6,86,667. దీన్ని 0.049తో భాగిస్తే సెకనుకు కోటీ నలభై లక్షల క్రియలు. ఆ యంత్రానికి రాసిన 14 మెగాఫ్లాప్‌ల అంకె ఇలా వచ్చిందే.

ఆ మొత్తంలో సాధించే భాగం మూడు శాతం లోపే. అంటే అదే మాత్రికతో రెండవ b వచ్చినప్పుడు, మొదటిసారి చేసిన పనిని పారేయకుండా ఉంటే, రెండవ జవాబు దాదాపు ఊరికే వచ్చినట్టు. రెండు సబ్‌రొటీన్లుగా చీల్చడంలోని ఉద్దేశం ఇదే: ఖరీదైన పని ఒకసారి, చవకైన పని ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. (విచిత్రమేమంటే, ప్రపంచంలో అత్యధిక పర్యాయాలు కాలం కొలిచిన ఈ లెక్కలో, బెంచ్‌మార్కు కోసం, ఒకే ఒక b ని సాధించి కారణాంకాలను పారేస్తారు.)

ఎలిమినేషన్‌కు చిట్టా రాసుకోవడం

ఒకే మాత్రికకు అనేక b లు ఎక్కడ వస్తాయి? ఒక వంతెన చట్రాన్ని తీసుకుంటే, దాని దృఢత్వాన్ని చెప్పే మాత్రిక ఒకటే. సొంత బరువు, గాలి, వాహనాలు, భూకంపం అనే ఒక్కొక్క భారానికి ఒక్కొక్క b. వీటిని ముందే రాసుకోవచ్చు. కానీ ఒక లోహపు పలకలో వేడి ఎలా వ్యాపిస్తుందో కాలాన్ని చిన్న అడుగులుగా కోసి లెక్కిస్తే పరిస్థితి వేరు. ఒక్కొక్క అడుగులో సాధించవలసిన మాత్రిక ఒకటే అయినా, ఈ అడుగు b గత అడుగు x నుంచి తయారవుతుంది. గత జవాబు రాకముందు తరువాతి ప్రశ్న పుట్టదు.

ఈ తేడా ముఖ్యం. కాలేజీలో నేర్పే గౌస్ ఎలిమినేషన్‌లో b ని మాత్రిక పక్కన ఒక నిలువు వరుసగా చేర్చి, మాత్రికతో పాటు దాన్నీ మార్చుకుంటూ పోతారు. b లు పది ముందే తెలిస్తే పది వరుసలు చేర్చి ఒకేసారి పని కానిచ్చుకోవచ్చు. పదకొండవది రేపు వస్తే మాత్రం మళ్ళీ మొదటికి రావలసిందే. అయితే, ఎలిమినేషన్‌లో ఏ అడ్డువరుస నుంచి దేన్ని ఎంత గుణించి తీసివేయాలో నిర్ణయించేది A ఒక్కటే. ఆ నిర్ణయాల్లో b కి పాత్ర లేదు. కనుక ఆ నిర్ణయాలను ఒక చిట్టాగా రాసి పెట్టుకుంటే, రేపు వచ్చిన b కి వాటినే వరుసగా వర్తింపజేయవచ్చు. L అనే దిగువ త్రిభుజ మాత్రిక ఆ చిట్టా. U అనే ఎగువ త్రిభుజ మాత్రిక ఎలిమినేషన్ ముగిశాక మిగిలిన A. అడ్డువరుసలను తారుమారు చేసి ఉంటే ఆ వివరాన్ని P అనే మరో చిన్న చిట్టా చెబుతుంది. మూడింటినీ కలిపి PA = LU అని రాస్తారు.

చేతితో చేయదగిన ఒక ఉదాహరణ ఇది:

```
     2  4  6
A =  1  2  1
     4  2  4
```

మొదటి నిలువు వరుసలో పరమ విలువ అన్నిటికంటే పెద్దది మూడవ అడ్డువరుసలోని 4. దాన్ని పివట్‌గా ఎన్నుకొని, ఒకటవ, మూడవ అడ్డువరుసలను మార్చాలి. ఇప్పుడు వరుసలు పైనుంచి (4, 2, 4), (1, 2, 1), (2, 4, 6). రెండవదాని గుణకం 1/4, మూడవదానిది 1/2. మొదటి వరుసను ఆ గుణకాలతో గుణించి తీసివేస్తే మిగిలేవి (0, 1.5, 0), (0, 3, 4).

రెండవ నిలువు వరుసలో 1.5 కంటే 3 పెద్దది. కనుక రెండవ, మూడవ అడ్డువరుసలను మార్చాలి. ఇక్కడ చాలామంది మరచిపోయే విషయం ఒకటుంది: వరుసలతో పాటు వాటికి ముందే రాసుకున్న గుణకాలు కూడా స్థానం మారాలి. గుణకం ఆ వరుసకు చెందినది, ఆ స్థానానికి చెందినది కాదు. మార్చాక కొత్త గుణకం 1.5/3 = 1/2; మిగిలేది (0, 0, −2). ఫలితం ఇలా ఉంటుంది:

```
      1     0    0           4  2   4
L =  1/2    1    0      U =  0  3   4
     1/4   1/2   1           0  0  −2
```

అసలు మాత్రికలోని అడ్డువరుసలు ఇప్పుడు 3, 1, 2 అనే క్రమంలో ఉన్నాయి. L లో వికర్ణం మీది 1లను రాయనవసరం లేదు కాబట్టి, L, U రెండూ కలిసి A ఆక్రమించిన తొమ్మిది గదుల్లోనే ఇమిడిపోతాయి.

ఇప్పుడు మొదటి కుడివైపు వచ్చింది: b = (12, 4, 10). ముందు క్రమం మార్చాలి: (10, 12, 4). తరువాత L తో పైనుంచి కిందికి రావాలి: మొదటిది 10; రెండవది 12 − 10/2 = 7; మూడవది 4 − 10/4 − 7/2 = −2. ఆ తరువాత U తో కిందినుంచి పైకి పోవాలి: x₃ = −2/−2 = 1; x₂ = (7 − 4)/3 = 1; x₁ = (10 − 2 − 4)/4 = 1. జవాబు (1, 1, 1).

రెండవ కుడివైపు (0, 0, 6). క్రమం మారిస్తే (6, 0, 0). L తో (6, −3, 0). U తో x₃ = 0, x₂ = −1, x₁ = 2. మాత్రికను మళ్ళీ ముట్టుకోవలసిన పని లేదు.

మూడు సమీకరణాల్లో ఈ ఆదా కంటికి ఆనదు. n = 1000 అనుకుంటే, విడగొట్టడానికి 66.67 కోట్ల క్రియలు, ఒక b కి 20 లక్షలు. నూరు b లను ఒక్కొక్కటిగా మొదటినుంచీ సాధిస్తే 6,687 కోట్ల క్రియలు. ఒకసారి విడగొట్టి దాచుకుంటే 86.67 కోట్లు. తేడా సుమారు 77 రెట్లు. సాధించే పనుల మొత్తం ఖర్చు విడగొట్టే ఖర్చుకు సమానం కావాలంటే n/3 కుడివైపులు, అంటే 333 రావాలి.

విలోమ మాత్రికను ఒకసారి కనుక్కొని పెట్టుకుంటే సరిపోదా అనే ప్రశ్న ఇక్కడ సహజం. విలోమాన్ని రాబట్టడానికి మొత్తం 2n³ క్రియలు కావాలి; విడగొట్టడానికయ్యే ఖర్చుకు ఇది మూడు రెట్లు. పైగా విలోమంతో ఒక b ని గుణించడానికి పట్టేది కూడా 2n² క్రియలే. మొదట మూడింతలు ఖర్చు పెట్టి, ఆ తరువాత ప్రతిసారీ అంతే ఖర్చు పెట్టడం! గుండ్రంపు దోషాలు కూడా సాధారణంగా ఎక్కువే అవుతాయి. విలోమంలోని అంకెలనే చూడవలసిన అవసరం ఉన్నప్పుడు తప్ప దాని జోలికి పోకపోవడమే మేలు.

పివట్ ఎందుకు

పై ఉదాహరణలో వరుసలు మార్చకుండా వెళ్ళి ఉంటే ఏమయ్యేది? రెండవ వరుస నుంచి మొదటి వరుసలో సగం తీసివేస్తే (0, 0, −2) మిగులుతుంది. రెండవ పివట్ ఉండవలసిన చోట సున్నా. అక్కడితో లెక్క ఆగిపోతుంది. A లో మాత్రం ఏ లోపమూ లేదు. దాని నిర్ధారకం −24.

ఆగిపోవడం నిజానికి మంచి ప్రమాదం, తెలిసిపోతుంది కాబట్టి. తెలియకుండా జరిగే ప్రమాదం వేరే ఉంది. A లో రెండవ వరుస నడిమి 2 ను 2.001గా మార్చి చూడాలి. b ని (12, 4.001, 10) అనుకుంటే సరైన జవాబు మళ్ళీ (1, 1, 1). ప్రతి క్రియ ఫలితాన్నీ నాలుగు సార్థక అంకెలకు గుండ్రంగా చేసే ఒక చిన్న యంత్రం మీద, పివట్ మార్చకుండా ఈ లెక్క చేద్దాం.

రెండవ వరుస (0, 0.001, −2) అవుతుంది, కుడివైపు −1.999. మూడవ వరుస (0, −6, −8), కుడివైపు −14. రెండవ పివట్ 0.001 కనుక గుణకం −6000. మూడవ వరుసలో మిగిలేది −8 − 12000 = −12008; నాలుగు అంకెల్లో −12010. కుడివైపు −14 − 11994. ఇందులో 11994 అనేది 11990 అవుతుంది, మొత్తం −12004 కాస్తా −12000 అవుతుంది. అసలు సమీకరణంలోని −8, −14 అనే సమాచారం 12000 పక్కన నలిగి దాదాపు చెరిగిపోయింది. x₃ = 0.9992 వస్తుంది, చూడడానికి ఫరవాలేదనిపిస్తుంది. కానీ x₂ = (−1.999 + 1.998)/0.001 = −1. సరైన విలువ 1. దాని వెంట x₁ సుమారు 5 అవుతుంది. సరైన విలువ అదీ 1.

ఎక్కడా సున్నాతో భాగహారం జరగలేదు, యంత్రం ఏ ఫిర్యాదూ చేయలేదు. ఈ జవాబును సమీకరణాల్లో తిరిగి పెట్టి చూస్తే మొదటిది 12కు దగ్గరగానే వస్తుంది, రెండవది 4కు దగ్గరగానే వస్తుంది. మూడవది మాత్రం 10 రావలసిన చోట సుమారు 22 వస్తుంది. మూడింటినీ సరిచూడనివారికి ఈ తప్పు దొరకదు.

అదే యంత్రం మీద పివట్ మార్చుకుంటూ చేస్తే గుణకాలు 0.5, 0.25, 0.5003. ఏదీ 1ని దాటదు. ఎందుకంటే నిలువు వరుసలో అన్నిటికంటే పెద్దదానితో భాగిస్తున్నాం. మూడవ పివట్ −2.001, దాని ఎదుట కుడివైపు కూడా −2.001. జవాబు సరిగ్గా (1, 1, 1). అడ్డువరుసల పివటింగ్ చేసే పని ఇదే: గుణకాలను 1 లోపు కట్టడి చేసి, మధ్యలో పుట్టే అంకెలు అసలు అంకెలను మింగేయకుండా చూడడం.

ఇది సంపూర్ణ రక్షణ కాదు. మధ్యలోని అంకెలు ఎంత పెరగవచ్చో బ్రిటిష్ గణితజ్ఞుడు జేమ్స్ విల్కిన్సన్ లెక్క కట్టాడు. పివటింగ్ చేసినా, అతి నీచమైన సందర్భంలో అవి 2ⁿ⁻¹ రెట్లు పెరగగలవు. అటువంటి మాత్రికలను కావాలని తయారు చేయవచ్చు. రోజువారీ పనుల్లో అవి ఎదురుపడడం బహు అరుదు. అంతకంటే తరచుగా ఎదురయ్యే చిక్కు కొలమానాలది. ఒక సమీకరణాన్ని మీటర్లకు బదులు మిల్లీమీటర్లలో రాస్తే ఆ వరుస వెయ్యి రెట్లు పెద్దదై, అనర్హమైనా పివట్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. సబ్‌రొటీన్‌కు అంకెలు మాత్రమే కనబడతాయి, వాటి ప్రమాణాలు కనబడవు. వరుసలను సరితూగేలా ముందే సర్దుకోవడం వాడుకరి బాధ్యత.

క్రమం తప్పితే

కారణాంకాలను దాచుకొని వాడేవారికి ఎదురయ్యే అసలు ప్రమాదం పివట్ ఎంపికలో కాదు, దాని జ్ఞాపకంలో ఉంటుంది. విడగొట్టిన రోజున ఏ వరుస ఎక్కడికి వెళ్ళిందో, నెల తరువాత వచ్చిన b కి కూడా అదే మార్పు చేయాలి. ఆ మార్పు మరచి b = (12, 4, 10) ను నేరుగా L, U లకు ఇస్తే వచ్చే జవాబు (14/3, 14/3, −4). ఇది తప్పని తెలుసుకోవడానికి A తో గుణించి చూడాలి: (4, 10, 12) వస్తుంది. రావలసినవి 12, 4, 10. అంకెలు అవే, చోట్లు మాత్రం వేరు! కారణం స్పష్టమే: LU అనేది PA కి సమానం గాని A కి కాదు. కనుక, జవాబును A తో గుణించినప్పుడు b లోని అంకెలే స్థానాలు మారి కనబడితే, తప్పు క్రమంలోనే ఉందని నిశ్చయంగా చెప్పవచ్చు. వేరే ఏ పొరపాటూ ఇంత శుభ్రమైన ఆనవాలు వదలదు.

ఈ పొరపాటును పరీక్షల్లో దాచిపెట్టే తీరు ఒకటుంది. ప్రోగ్రాము సరిగా ఉందో లేదో చూడడానికి చాలామంది b లో అన్నీ ఒకే అంకె వేస్తారు. పై మాత్రికకే b = (4, 4, 4) ఇచ్చి చూస్తే, క్రమం మార్చినా మార్చకపోయినా జవాబు (1, 2, −1) వస్తుంది; అది సరైన జవాబే. అన్నీ సమానమైనప్పుడు తారుమారుకు అర్థం లేదు కదా! పరీక్ష నెగ్గిన ప్రోగ్రాము, మొదటి అసలు భారం రాగానే తప్పుతుంది. పరీక్షకు పెట్టే b లో అంకెలన్నీ వేరువేరుగా ఉండాలి.

రెండవ చిక్కు, క్రమాన్ని రాసి పెట్టే పద్ధతిది. లిన్‌ప్యాక్ గాని, 1992లో దాని స్థానంలోకి వచ్చిన లాప్యాక్ గాని, 'చివరికి ఏ వరుస ఎక్కడ ఉంది' అని రాయవు. 'ఏ మెట్టులో దేనితో మార్చాం' అని రాస్తాయి. నేడు పైథాన్‌లో సైపై ద్వారా లాప్యాక్‌ను పిలిచేవారు ఇలా రాస్తారు:

```python
from scipy.linalg import lu_factor, lu_solve
lu, piv = lu_factor(A)
x1 = lu_solve((lu, piv), b1)
x2 = lu_solve((lu, piv), b2)
```

పై మాత్రికకు `piv` లో కనిపించేది `[2, 2, 2]`. పైథాన్‌లో లెక్క సున్నా నుంచి మొదలు కనుక, దీన్ని 'మొదటి మెట్టులో మొదటి వరుసను మూడవదానితో, రెండవ మెట్టులో రెండవదాన్ని మూడవదానితో మార్చాం, మూడవది కదలలేదు' అని చదవాలి. దీన్ని క్రమంగా భ్రమించి `b[piv]` అని రాస్తే b లోని మూడవ అంకె మూడుసార్లు వచ్చి కూర్చుంటుంది. నిజమైన క్రమం 2, 0, 1. `lu_solve` ను పిలిచినంతకాలం ఈ గొడవ తెలియనవసరం లేదు. కారణాంకాలను బయటికి తీసి సొంతంగా వాడబోయేవారికి తెలిసి తీరాలి.

పాత లిన్‌ప్యాక్‌లో మరో మెలిక కూడా ఉంది. అది రెండవ మెట్టులో వరుసలను మార్చినప్పుడు, ముందు రాసుకున్న గుణకాలను కదపదు. పైగా వాటిని వ్యతిరేక గుర్తుతో దాస్తుంది. `DGESL` కూడా అదే పద్ధతిలో, ప్రతి మెట్టులో b ని కొంచెం మార్చి, కొంచెం తీసివేసి, మళ్ళీ మార్చుకుంటూ పోతుంది కనుక జవాబు సరిగానే వస్తుంది. లాప్యాక్ వారి `DGETRF` మాత్రం పూర్తి వరుసను, గుణకాలతో సహా, మారుస్తుంది. కనుక ఒకదానిలో విడగొట్టిన కారణాంకాలను మరొకదానిలోని సాధించే సబ్‌రొటీన్‌కు ఇవ్వకూడదు. పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రాములను ముక్కముక్కలుగా కొత్త లైబ్రరీలకు మార్చేవారు ఈ గుంటలో పడే అవకాశం ఉంది.

ఇవన్నీ తెలిసినా, అసలు దాచుకోవడమే మరచిపోయే సందర్భాలు ఎక్కువ. మాట్‌లాబ్‌లో `A\b`, పైథాన్‌లో `numpy.linalg.solve(A, b)` ఒకే పిలుపులో విడగొట్టి, సాధించి, కారణాంకాలను పారేస్తాయి. వాటిని వెయ్యి అడుగుల లూప్‌లో పెడితే ఒకే మాత్రికను వెయ్యిసార్లు విడగొట్టినట్టే. జవాబులు సరిగానే వస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అడుగుకు పట్టే కాలం n రెట్టింపు అయినప్పుడు నాలుగు రెట్లు పెరుగుతోందా, ఎనిమిది రెట్లు పెరుగుతోందా అని కొలిస్తే తెలుస్తుంది. ఎనిమిది రెట్లయితే లోపల ప్రతిసారీ విడగొట్టడం జరుగుతోందని అర్థం. ఇన్నాళ్ళకు, 2017లో, మాట్‌లాబ్‌లో `decomposition` అనే వస్తువు వచ్చింది. విభజనను తనలో దాచుకొని, ఎన్ని b లకైనా `\` గుర్తుతోనే జవాబు ఇస్తుంది. మాట్‌లాబ్‌ను మొదట రాసినది న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుండిన క్లీవ్ మోలరే. విద్యార్థులు ఫోర్ట్రాన్ రాయకుండా లిన్‌ప్యాక్, ఐస్‌ప్యాక్ సబ్‌రొటీన్లను వాడుకోవడానికి వీలుగా. రెండు పిలుపులను ఒక గుర్తుగా కుదించిన ఆ సౌకర్యమే, రెంటి మధ్య ఉన్న తేడాను కళ్ళకు కనబడకుండా చేసింది.

b లన్నీ ముందే తెలిస్తే వాటిని ఒక్కొక్కటిగా ఇవ్వడం కంటే, పక్కపక్కన పేర్చి ఒక మాత్రికగా ఇవ్వడం మంచిది. లాప్యాక్‌లోని `DGETRS` అలా తీసుకుంటుంది. క్రియల సంఖ్య తగ్గదు. కానీ L, U లను మెమరీ నుంచి ఒక్కొక్క b కోసం తిరిగి తిరిగి తేవలసిన పని తగ్గుతుంది. నేటి యంత్రాల్లో లెక్క కంటే రవాణాకే ఎక్కువ సమయం పడుతుంది కనుక ఈ తేడా గణనీయంగా ఉంటుంది.

మాత్రిక మారితే

దాచుకున్న కారణాంకాలకు కాలదోషం పట్టవచ్చు. వంతెనలో ఒక కడ్డీ మందం మార్చినా, వేడి లెక్కలో కాలపు అడుగు పొడవు మార్చినా A మారుతుంది. పాత L, U లు పాత A కే జవాబులు ఇస్తాయి, ఏ హెచ్చరికా లేకుండా. దీన్ని పట్టుకోవాలంటే b − Ax అనే అవశేషాన్ని ఇప్పటి A తో లెక్కించాలి. అందుకు A నకలు ఒకటి విడిగా ఉండాలి. `DGEFA` అసలు దాని మీదే రాసేస్తుంది కనుక, నకలు తీయనివారికి సరిచూసుకునే దారి ఉండదు. అవశేషం లెక్కకు 2n² క్రియలే పడతాయి. ప్రతి జవాబుకూ ఆ ఖర్చు భరించవచ్చు.

అవశేషం చిన్నదైనంత మాత్రాన జవాబు నిజానికి దగ్గరగా ఉందని కాదు. మాత్రిక దాదాపు విలోమం లేనిదైతే, b లో చివరి అంకె కదిలినా x ఎంతో దూరం జరుగుతుంది. పివట్‌గా సరిగ్గా సున్నా వస్తేనే `DGEFA` తన `INFO` ద్వారా తెలుపుతుంది. గుండ్రంపు దోషాల వల్ల ఆ సున్నా 10⁻¹⁶ అయి కూర్చుంటే మౌనంగా ఉంటుంది. అందుకే లిన్‌ప్యాక్‌లో `DGECO` అనే మూడవది కూడా ఉంది. అది విడగొట్టి, ఆ కారణాంకాలతోనే మరి కొన్ని వ్యవస్థలను సాధించి, మాత్రిక ఎంత సున్నితమైనదో `RCOND` అనే అంకెతో అంచనా వేస్తుంది. 1కి `RCOND` కలిపితే యంత్రం లెక్కలో 1గానే మిగిలితే, ఆ కారణాంకాలను ఏ b కీ వాడకూడదు.

మార్పు చిన్నదైతే మాత్రం పాత కారణాంకాలను పారేయనవసరం లేదు. జాక్ షెర్మన్, వినిఫ్రెడ్ మోరిసన్ 1950లో ప్రచురించిన సూత్రం ప్రకారం, మాత్రికలో ఒక అంశం మాత్రమే మారినప్పుడు పాత L, U లతో మరొక్క వ్యవస్థను సాధిస్తే చాలు. ఉదాహరణకు పై A లో నడిమి 2 ను 3.5 చేద్దాం; మార్పు δ = 1.5. ముందు పాత కారణాంకాలతో Az = (0, 1, 0) ను సాధించాలి. క్రమం మారిస్తే (0, 0, 1); L తో అదే మిగులుతుంది; U తో z = (1/6, 2/3, −1/2). b = (12, 4, 10) కి పాత జవాబు y = (1, 1, 1). కొత్త జవాబు:

```
x = y − z · δ·y₂ / (1 + δ·z₂)
```

ఇక్కడ 1 + 1.5 × 2/3 = 2, కనుక y నుంచి తీసివేయవలసినది z లో 0.75 వంతు. x = (0.875, 0.5, 1.375). కొత్త మాత్రికలో పెట్టి చూస్తే 12, 4, 10 సరిగ్గా వస్తాయి. n³ ఖర్చు ఎక్కడా రాలేదు. z ను కూడా దాచుకుంటే తరువాతి b లకు అదనపు సాధన కూడా అక్కర్లేదు. చివరి తీసివేత ఒక్కటే మిగులుతుంది.

ఈ ఒడుపుకు హద్దు ఎక్కడో కూడా ఆ సూత్రంలోనే కనిపిస్తుంది. δ = −1.5 అయితే, అంటే నడిమి అంశం 0.5 అయితే, హారం సున్నా అవుతుంది. కొత్త మాత్రికకు విలోమం లేదని దాని అర్థం. హారం సరిగ్గా సున్నా కాక, సున్నాకు బాగా దగ్గరైనా, భాగహారంలో పుట్టే దోషం జవాబును పాడు చేస్తుంది. పాత పివట్‌లు పాత A కి నప్పేలా ఎన్నుకున్నవి కనుక, ఇటువంటి సవరణలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే దోషాలు కూడా పేరుకుంటాయి. ఒక్కొక్క సవరణ తరువాతా అవశేషాన్ని చూసుకుంటూ, అది మొదటి జవాబుల అవశేషంతో పోలిస్తే బాగా పెరిగిన రోజున, మార్పులన్నీ కలిసిన A నకలును మళ్ళీ ఒకసారి `DGEFA` కు ఇవ్వాలి.